పావు తులం ఉప్పు

ఆషాఢం వచ్చిందంటే లాల్‌దర్వాజలో బోనాల డప్పు మోగుతుంది, మా గౌలిపురా గల్లీలో నల్లా నీళ్ళు రంగు మారతాయి, ఇంటికొక్కరి కడుపు కదులుతుంది. ఈ మూడింటిలో మొదటిది మాత్రమే పంచాంగంలో ఉంటుంది. మూడోదానికి మందు కాయితం రాయాలని ఒక సంఘం వాళ్ళు నన్ను పట్టుకున్నారు. ఇంగ్లీషులో ఉన్నది నాలుగు ముక్కలే: ఒక లీటరు శుభ్రమైన నీళ్ళు, ఆరు లెవెల్ టీస్పూన్ల చక్కెర, అర లెవెల్ టీస్పూన్ ఉప్పు, కరిగేదాకా కలపాలి. దీన్ని తెలుగు చేయడానికి ఏడుగురం కూర్చున్నాం.

మొదటి రోజంతా పేరుకే పోయింది. "మౌఖిక పునర్జలీకరణ ద్రావణం" అన్నారొక పండితులు. ఆ మాట నోరు తిరిగేసరికి రోగి మరో రెండుసార్లు దొడ్డికి వెళ్ళొస్తాడని నేనన్నాను. గల్లీలో అందరూ ఓఆర్ఎస్ అనే అంటారు కాబట్టి అదే ఉంచాం. తర్వాత పంచదారా చక్కెరా అని కోస్తాకీ తెలంగాణకీ మధ్య గంటన్నర నడిచింది. రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి కాబట్టి దానివల్ల ఎవరికీ ప్రమాదం లేదు. ప్రమాదం ఉన్న మాట "లెవెల్ టీస్పూన్". దాన్ని "చెంచా" అని ఒక్క నిమిషంలో తేల్చేసి చాయ్ తాగి లేచారు.

కాయితాన్ని ముందుగా పక్కింటి ఖాలాకు చదివి వినిపించాను. చదవడం కాదు, చేసి చూపించమన్నాను. ఆమె దాల్చా కలిపే చమ్చా తీసింది. చాయ్ చెంచాలో 5 మిల్లీలీటర్లు పడితే అందులో 15 పడతాయి. దాంతో ఆరు గోపురాల చక్కెర, సగం ఉప్పు వేసి కలిపింది. "ఇంతేనా బేటా? ఇదేం చదువుకున్నోళ్ళు చెప్పాల్సిన సంగతా?" అంది. మా ఇంట్లో అమ్మ చెంచా సరైనదే తీసింది గానీ దొడ్డుప్పు వేసింది. గళ్ళ మధ్య గాలి ఉంటుంది కాబట్టి అదే చెంచాలో సన్న ఉప్పుకంటే బరువు తగ్గుతుంది. కాయితం ఒక్కటే, గోడ ఒక్కటే, నీళ్ళు మాత్రం రెండు రకాలు.

ఎంత తేడా వచ్చిందో తెలియాలంటే తూచాలి. పాతబస్తీలో గ్రాములో పదో వంతుకు కూడా కొట్లాడే చోటు ఒకటే, చార్‌కమాన్ దగ్గర బంగారం దుకాణాలు. ఉప్పు పొట్లాలు జేబులో వేసుకుని తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముఖం చూడాల్సింది. అయినా తూచాడు. చాయ్ చెంచాలో సన్న ఉప్పు నింపి, పైన కత్తి వీపుతో గీసేసి, నిలువునా సగానికి కోసి ఒక సగం తోసేస్తే మిగిలింది 3 గ్రాములకు కాస్త అటూ ఇటూ. (సగం అంటే చెంచా లోతులో సగం కాదు. చెంచా అడుగున సన్నగా ఉంటుంది కాబట్టి సగం లోతుకు పోస్తే సగం కంటే బాగా తక్కువే పడుతుంది.) ఖాలా చమ్చాలో సగం, తలకొట్టి తూచినా, 9 గ్రాములు తేలింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పొట్లంలో లీటరుకు ఉండే ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5. మన చక్కెరలో సగమే గ్లూకోజు కాబట్టి ఆరు చెంచాలు, అంటే 25 గ్రాముల దాకా వేసుకోవాలి. లీటరుకు 9 గ్రాములంటే ఆసుపత్రిలో నరంలోకి ఎక్కించే సెలైన్ అంత ఉప్పు. నరంలోకి పోయినప్పుడు అది మందు. వాంతులు, విరేచనాలతో ఎండిపోయిన పసివాడి నోట్లో పోస్తే రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ దాకా పోవచ్చు. చక్కెర ఎక్కువైతే ఇంకో తమాషా. పేగుల్లో ఉప్పూ గ్లూకోజూ ఒకే షేరింగ్ ఆటో ఎక్కి లోపలికి పోతాయి, వాటి వెనకాల నీళ్ళు పోతాయి. ఆటో నిండిపోయాక మిగిలిన చక్కెర పేగులోనే నిలబడి ఒంట్లోని నీళ్ళను బయటికి లాగుతుంది. ఆగాల్సిన విరేచనాలు జోరందుకుంటాయి. అప్పుడు ఖాలా "మందు పనిచేయడం లేదు" అని మరో చమ్చా వేస్తుంది.

పొట్లం కొంటే ఈ గొడవ ఉండదనుకున్నాను. లీటరు పొట్లాన్ని పిల్లాడు లీటరు తాగలేడు కదా అని ఒక్క గ్లాసులో పోసే ఇళ్ళు మా గల్లీలోనే ఉన్నాయి. లెక్క వేసుకోండి. ఐదు రెట్లు చిక్కన. సోడియం లెక్కలో సముద్రపు నీళ్ళకు ఐదింట నాలుగొంతులు. హైదరాబాద్‌కు సముద్రం లేని లోటు గ్లాసుతో తీర్చేసుకుంటున్నాం. ఇక కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తియ్యటి డబ్బాలు ఉండేవి. ఈ ఊరి పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో గానీ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని చెప్పలేదు. ఆ మూడక్షరాలను అసలు అనువదించకుండానే ఎంత అమ్మవచ్చో ఆ డబ్బాలవాళ్ళకు మాకంటే బాగా తెలుసు.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980లలో మాకంటే తెలివిగా పోయింది. చెంచా అన్న మాటనే వదిలేసింది. మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర శేరు నీళ్ళు. చిటికెడంటే చూపుడువేలి మొదటి గీత దాకా అని కూడా చెప్పింది. నేర్పే మనిషి తల్లుల చేత కలిపించేది, ఆ నీళ్ళలో నమూనాలు ప్రయోగశాలకు వెళ్ళేవి. తల్లులకు ఎంత గుర్తుందో దాన్నిబట్టి నేర్పిన మనిషికి డబ్బులు. ఈ లెక్కన మా సంఘానికి జీతమిస్తే ఏడుగురం కలిసి ఒక్క చాయ్ పంచుకోవాల్సొచ్చేది.

కంసాలి పొట్లాలు తిరిగిస్తూ, "పావు తులం ఉప్పు, రెండున్నర తులాల చక్కెర, లీటరు నీళ్ళు. ఇట్ల రాయండి, మా దగ్గర ఎవరూ తప్పు తూకం ఒప్పుకోరు" అన్నాడు. తులం అంటే ఇప్పుడు పది గ్రాములు కాబట్టి లెక్క దాదాపు సరిపోయింది. సంఘం ఒప్పుకోలేదు. బంగారం ధర చూసి జనం ఉప్పు మానేస్తారని భయపడ్డారు.

చివరికి ఇలా రాశాం: లీటరు మంచినీళ్ళ సీసా నిండా కాచి చల్లార్చిన నీళ్ళు. చాయ్ కలిపే చిన్న చెంచాతో, పైన గీసేసి, చక్కెర ఆరు. అదే చెంచాతో సన్న ఉప్పు గీసేసి, నిలువునా సగం. రుచి చూడండి, కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. 24 గంటలు దాటితే వాడొద్దు. ఇందులో పొటాషియం ఉండదు, కాబట్టి పొట్లం దొరికితే పొట్లమే మేలు. బిడ్డ మత్తుగా పడుకున్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆసుపత్రికి పరుగెత్తండి. ఒక చెంచా బొమ్మ వేశాం, పైన గీత కూడా గీశాం.

అచ్చు వేసేచోట "సగం" అని రాస్తే జనానికి అర్థం కాదని అంకె పెట్టారట. వాళ్ళ అక్షరాల్లో ఆ అంకె లేదు. వెయ్యి కాయితాలు వచ్చాయి. ఉప్పు దగ్గర అంకె ఉండాల్సిన చోట ఖాళీ చదరం.

ఖాలా కాయితం తీసుకుని చాలాసేపు చూసింది. "ఇప్పుడు బాగా అర్థమైంది బేటా" అంది. "ఉప్పు డబ్బీతో కొలవాలి. పెద్ద డబ్బీనా, చిన్న డబ్బీనా?"