మహారాజశ్రీ జర్మనీ కాన్సుల్ జనరల్ గారికి

ఉద్యోగం వదిలేసి ఊళ్లో కూర్చున్న మగవాణ్ని "ఇన్నాళ్లూ ఏం జేసినవ్?" అని అడిగే హక్కు మానవపాడులో అందరికీ ఉంది. టీకొట్టు ఆయనకు ఉంది, గద్వాల నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు ఉంది, బడికి పోయే పిల్లలకు సైతం ఉంది. అందుకని జర్మనీ కాన్సులేటు కూడా అదే ప్రశ్న అడుగుతుందని తెలిసినప్పుడు నాకు పెద్దగా బెదురు పుట్టలేదు. నోటితో అయితే ఎన్ని జవాబులైనా చెప్పగలను. ఇక్కడ ఒకే జవాబు చెప్పాలి, అదీ కాగితం మీద, ఒక్క పేజీలో.

సంగతేమిటంటే, స్టట్‌గార్ట్‌లో ఉన్న మా చెల్లెలికి బాబు పుట్టాడు. మేనమామ వచ్చి చూసిపోవాలని దాని కోరిక. తెలంగాణ వాళ్ల దరఖాస్తులు హైదరాబాదులో తీసుకుంటారు, నిర్ణయం మాత్రం కాన్సులేటుది. హైదరాబాదు కౌంటరులో మన నవ్వుముఖం చూసే అమ్మాయికి వీసా ఇచ్చే అధికారం లేదు, ఇచ్చే అధికారికి మన ముఖం కనబడదు. ఆయన ముందు కూర్చుని మాట్లాడేది ఆ ఒక్క ఉత్తరమే.

నేను 2023 జూన్‌లో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మానేశాను. నాన్నకు పక్షవాతం వచ్చింది. ఏడాది ఆయన్ని చూసుకున్నాను, తర్వాత ఆయన పొలంలోనే మిర్చి వేస్తున్నాను. ఇంతే కథ. కానీ ఉత్తరం రాస్తున్నానని తెలియగానే ఊరు ఊరంతా దానికి సహరచయిత అయింది.

మొదటి ముసాయిదా మా దూరపు మేనమామది. తహసీల్దారు ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసే మనిషి. తప్పిపోయిన పట్టా దగ్గర్నుంచి ఆగిపోయిన పింఛను దాకా ఆయన కలం తిరగని సమస్య మండలంలో లేదు. "జర్మనీ అయితే ఏందల్లుడా, ఆఫీసరు ఆఫీసరే" అని "మహారాజశ్రీ జర్మనీ కాన్సుల్ జనరల్ గారి దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టాడు. ఆ తర్వాత పేజీన్నర కష్టాలు. నాన్నకు కాలూ చెయ్యీ పడిపోవడం, ఆర్డీఎస్ కాలువ నీళ్లు మా చివరి ఆయకట్టు దాకా రాకపోవడం, బోరు ఎండిపోవడం, నాకు ఉద్యోగం లేకపోవడం, పెళ్లి కాకపోవడం. చివరికి, తమరు దయతలచి వీసా దయచేయిస్తే దిక్కులేని కుటుంబాన్ని ఆదుకున్నవారవుతారు అని ముగింపు. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి.

ఆ అర్జీ తహసీల్దారుకు వెళ్తే పని అయ్యేదేమో. కాన్సులేటుకు వెళ్తే మాత్రం అందులో ప్రతి వాక్యమూ నాకు ఎదురుసాక్ష్యం చెప్పేది. షెంజెన్ వీసా తిరస్కరిస్తే ఇచ్చే కాగితం ఒక అచ్చు ఫారం. కారణాలన్నీ ముందే రాసి ఉంటాయి, వర్తించినదాని పక్కన టిక్కు పెడతారు. మాలాంటివాళ్లను ఎక్కువగా భయపెట్టే కారణాలు రెండు. ఎందుకు వెళ్తున్నాడో చెప్పినదానికి నమ్మదగిన ఆధారం లేదు అనేది ఒకటి, గడువులోగా తిరిగి వెళ్తాడా అన్నది అనుమానమే అనేది రెండోది. నీళ్లు లేవు, ఉద్యోగం లేదు, పెళ్లి లేదు, దిక్కు లేదు అని పేజీన్నర చదివిన అధికారికి ఆ రెండో టిక్కు పెట్టడానికి చెయ్యి వణకదు. ఇన్ని లేనివాడు వెనక్కి ఎందుకొస్తాడు? మన అర్జీల సంప్రదాయంలో కష్టం మనకు బలం. ఇక్కడ కష్టమంతా అవతలివాడి చేతికి మనమే ఇచ్చే కర్ర.

రెండో సలహా కర్నూలులో పాస్‌పోర్టు, వీసా పనులు చేసిపెట్టే ఒకాయనది. పేరు చెప్పను, బోర్డు మీద విమానం బొమ్మ ఉంటుంది. "మూడేళ్ల గ్యాపా? రెండు గంటల్లో పూడ్చేస్తా సార్" అన్నాడు, గోడలో పగులు గురించి చెప్పినంత తేలిగ్గా. తెలిసినవాళ్ల కంపెనీ లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం, మూడు నెలల జీతం చీటీలు. అవి ఎంత అందంగా అచ్చయినా పక్కనే నా బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటుంది. మూడు నెలల జీతం చీటీలకు మూడు జీతాలు ఖాతాలో పడాలి కదా. పీఎఫ్ ఖాతా తెరిస్తే 2023 జూన్‌లో ఉద్యోగం మానినట్టు తేదీతో సహా ఉంది. ఆపైన కాన్సులేటు వాళ్లు ఆ కంపెనీకి ఫోను చేయరన్న హామీ ఎవరూ ఇవ్వరు. దొంగ కాగితం దొరికితే పోయేది ఆ ఒక్క వీసా కాదు. తిరస్కరణ షెంజెన్ దేశాల ఉమ్మడి రికార్డులో ఐదేళ్లు ఉంటుంది, జర్మనీ కాదంటే ఫ్రాన్స్ అనుకోవడానికి వీల్లేకుండా 29 దేశాలకూ కనబడుతుంది. మా ఊళ్లో ఒక విషయం ఐదేళ్లు గుర్తుంచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వాళ్లకు ఇంత నెట్‌వర్క్ లేదు.

మూడోది మా పెదనాయనది. "అడగంది జెప్పుడెందుకురా? ఊకో" అన్నాడు. మాట పైకి బాగానే ఉంది. ఫారంలో ఇప్పటి వృత్తే అడుగుతారు, పాత చరిత్ర అడగరు. కానీ ఆదాయపు పన్ను రిటర్నులు జతచేస్తాం. ఒక ఏడాది దాకా జీతం కనబడి ఆ తర్వాత మాయమవుతుంది. ఖాళీని మనం దాచినా కాగితాలు దాచవు. అవి బయటపెట్టకముందే మనం చెబితే వివరణ, తర్వాత చెబితే సంజాయిషీ.

చివరికి నేనే రాశాను. మొదటి పేరాలో ఎవరు, ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్లు, ఖర్చు ఎవరిది. మే 4 నుంచి 24 దాకా, 21 రోజులు, చెల్లెలి ఇంట్లో బస, ఖర్చు నాదే. ఇక్కడ పెదనాయన మళ్లీ అడ్డుపడ్డాడు. చెల్లెలు కూడా పెట్టుకుంటుందని రాస్తే రెండువైపులా భరోసా కదా అని. రెండు వైపులా ఉంటే ఎవరు కడతారో ఎవరికీ తెలియదని అర్థం. చెల్లెలు కట్టేట్టయితే అక్కడి విదేశీయుల కార్యాలయంలో ఖర్చుకు తనదే పూచీ అని పత్రం చేయించి పంపాలి. నేనే కట్టుకుంటున్నాను కాబట్టి ఆ ఊసు ఎత్తలేదు.

తేదీల దగ్గర ఇంకో తిరకాసు. చెల్లెలు ప్రేమ కొద్దీ ఆహ్వానంలో "నెలరోజులు ఉంటాడు" అని రాసింది. బీమా మే 5 నుంచి మొదలైంది. నా ఉత్తరంలో 21 రోజులు, మే 4. మూడు కాగితాలు మూడు కథలు చెబుతుంటే ఉత్తరం ఎంత బాగా రాసి ఏం లాభం? ఆహ్వానం మళ్లీ రాయించాను, బీమా తేదీ మార్పించాను. ఆ బీమా కనీసం 30,000 యూరోల వైద్యఖర్చుకు ఉండాలి. ఆ మొత్తం విని మా అమ్మ "అక్కడ జ్వరమొస్తే అంతైతదా?" అని మిరియాల పొట్లం సంచిలో పెట్టింది.

రెండో పేరా అసలు ఖాళీ గురించి. ఏడుపూ లేదు, గొప్పా లేదు, తేదీలే ఉన్నాయి. 2023 జూన్ 11న నాన్నకు పక్షవాతం, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం జత. జూన్ 30న ఉద్యోగం మానాను, కంపెనీ రిలీవింగ్ లెటర్ జత. 2024 జూన్ దాకా ఆయన సంరక్షణ, ఫిజియోథెరపీ రసీదులు జత. 2024 జులై నుంచి సాగు. నాలుగు వాక్యాలు. ఎడమచేత్తో ముద్ద పెట్టుకోవడం నాన్న నేర్చుకున్న రోజు ఆ నాలుగింట్లో ఎక్కడా లేదు. ఉండకూడదు కూడా.

సాగు రుజువు చేయడమే కష్టం. పట్టాదారు పాసుపుస్తకం నాన్న పేర ఉంది, నా పేర గుంట భూమి లేదు. రైతు భరోసా డబ్బులు పడేదీ ఆయన ఖాతాలోనే. కాబట్టి నాది అని రాయకుండా, భూమి ఆయనది, సేద్యం నాది అని రాసి, ఆయన చేత నోటరీ పత్రం మీద వేలిముద్ర వేయించి పాసుపుస్తకం నకలుకు జతచేశాను. ఇక డబ్బు. జీతగాడి ఖాతాలో నెలనెలా కొంచెం పడుతుంది. మిర్చి రైతు ఖాతా నెలల తరబడి నిద్రపోయి ఒకరోజు ఉన్నట్టుండి లక్షలతో లేస్తుంది. దరఖాస్తుకు ముందు హఠాత్తుగా పడిన పెద్ద మొత్తమంటే, చూపించడం కోసం ఎవరి దగ్గరో తెచ్చి వేసిన డబ్బని అధికారులకు మొదటి అనుమానం. దానికి మందు తక్‌పట్టీ. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి ఇచ్చే ఆ చీటీ మీద ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏ ధర, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, అన్నీ పోను చేతికి ఎంత అని ఉంటుంది. ఉత్తరంలో నేను రాసింది ఆ చివరి అంకె. పైనున్న మొత్తం రాస్తే గొప్పగానే ఉండేది, ఖాతాలో పడినదానితో సరిపోయేది కాదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా రిటర్నులో చూపించే చోటు ఉంది. అక్కడా అదే లెక్క చూపించాను.

మూడో పేరా తిరిగి రావడం గురించి. "తప్పకుండా తిరిగి వస్తానని ప్రమాణం చేస్తున్నాను" అని రాయమన్నవాళ్లున్నారు. రాకూడదనుకునేవాడు కూడా అదే ప్రమాణం చేస్తాడు. నేను పంట క్యాలెండరు రాశాను. మార్చికల్లా కోతలు అయిపోతాయి, జులైలో మిర్చి నారు పోయాలి, ఆగస్టులో నాటాలి. మధ్యలో పొలం ఖాళీగా ఉండే కాలంలోనే ఈ ప్రయాణం, ఆ మూడు వారాలూ నాన్నను చూసుకునేది మా చిన్నాయన. అందులో అధికారి నమ్మాల్సిందేమీ లేదు, చూసుకోవాల్సిందే ఉంది.

అర్జీల మామకు చదివి వినిపించాను. చాలాసేపు ఆలోచించి, "ఇండ్ల ఏడుపే లేదు గదల్లుడా, ఎవడిస్తడు?" అన్నాడు. కాదంటే సోమవారం ప్రజావాణికి పోదామని కూడా అన్నాడు. జర్మనీ వాళ్లకూ అలాంటి ఏర్పాటు ఒకటి ఉండేది, తిరస్కరిస్తే డబ్బు కట్టకుండా మళ్లీ చూడమని ఉత్తరం రాసుకోవచ్చు. 2025 జులై 1 నుంచి దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఉన్నది రెండే దారులు. ఇంకో 90 యూరోలు కట్టి కొత్తగా పెట్టుకోవడం, లేదా బెర్లిన్ కోర్టుకెక్కడం. బెర్లిన్ ఎంత దూరమని మామ అడిగాడు, అక్కడ కూడా అర్జీలు రాసేవాళ్లు ఉంటారేమోనన్న ఆశతో.

వీసా వచ్చింది. పాస్‌పోర్టులో స్టిక్కరు చూడటానికి మా అరుగు నిండిపోయింది. చెల్లుబాటు మే 4 నుంచి జూన్ 8 దాకా, కింద గడిలో ఉండదగిన రోజులు 21 అని ఉంది. విమానాలు అటూఇటూ అయినా ఇబ్బంది లేకుండా తేదీలకు 15 రోజులు కలిపి ఇస్తారు. ఉండాల్సింది మాత్రం ఆ 21 రోజులే, అవి దాటితే పెట్టిన ఉత్తరమంతా అబద్ధమవుతుంది. ఇదంతా ఓపిగ్గా విడమరిచి చెప్పాను. పెదనాయన వేళ్ల మీద లెక్కపెట్టి, చుట్టూ ఉన్నవాళ్లందరినీ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "పదైదు దినాలు పుణ్యానికిచ్చిండ్రు గదరా. ఇంత రాసిచ్చి అవెందుకు ఇడిసిపెడ్తవ్?"