ఇందుమూలముగా మావయ్య

మా మావయ్య చేతికి ఏ కాగితం ఇచ్చినా ముందు జేబులోంచి పెన్ను తీస్తాడు. శుభలేఖ అయినా సరే, అపార్ట్‌మెంట్‌లో మోటారు పాడైందన్న నోటీసయినా సరే. జిల్లా ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, ఇప్పుడు విజయవాడలో మా ప్రైవేటు కంపెనీలో అడ్మినిస్ట్రేషన్ చూస్తున్నాడు. నన్ను అక్కడ పెట్టించిందీ ఆయనే. కాబట్టి ఈ మాటలు ఎదురుగా అనలేక ఇక్కడ రాసుకుంటున్నాను. ఇలాంటి మనిషి మీ ఆఫీసులోనూ ఒకరుంటారు. ఆయన సెలవు పెట్టిన రోజు మీరు హాయిగా ఊపిరి పీల్చుకునే ఉంటారు.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. జనం మాట్లాడే తెలుగే రాతలోనూ ఉండాలని గట్టిగా పోట్లాడిన మనిషి. ఆ రోజు ఆయన పటానికి దండ వేద్దాం రమ్మని మావయ్య తీసిన సర్క్యులర్‌లో 'యావన్మంది సిబ్బంది విధిగా హాజరు కావలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది' అని ఉంది. పంతులుగారు పటంలో ఉన్నారు కాబట్టి సరిపోయింది.

ఇక అసలు సంగతి. మా హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి చురుకైనది. సెలవుల పద్ధతి మారుతోందని మేనేజరుగారు చెప్పగానే అయిదు నిమిషాల్లో మెమో కొట్టేసింది: 'హాయ్ అందరికీ! మనవాళ్లు చెప్పాపెట్టకుండా సెలవులు పెట్టేస్తున్నారు. ఇకమీదట రెండ్రోజుల ముందు చెప్పండి ప్లీజ్. ఒంట్లో బాగోకపోతే ఓకే. సోమవారం నుంచి స్ట్రిక్ట్ సుమా!' చివర ఒక నవ్వు బొమ్మ.

నాకైతే బాగానే అర్థమైంది. మావయ్యకి కూడా అర్థమైంది. అదే వచ్చిన చిక్కు. "అమ్మాయ్, కూర్చో" అన్నాడు. ఆయన కూర్చోమన్నాడంటే టీ రెండుసార్లు వస్తుంది.

పైన 'హాయ్' కొట్టేసి 'విషయం', 'సూచిక' అని రెండు వరుసలు రాసుకున్నాడు. "సూచిక ఏది?" అన్నాడు. ఆ అమ్మాయి తెల్లబోయింది. సెలవుకి ఒకరోజు ముందు చెబితే చాలని కిందటేడు ఆయనే తీసిన సర్క్యులర్ ఒకటి స్టాక్ ఫైల్లో ఉంది. దాన్ని రద్దు చేస్తున్నామా, అందులో ఒక్క ముక్క మారుస్తున్నామా అన్నది చెప్పకపోతే రెండూ చెల్లుతాయి. అప్పుడు ఎవడికి ఏది కలిసొస్తే వాడు దాన్ని పట్టుకొస్తాడు. అందులోనే పెళ్లిళ్ల సెలవు గురించి ఇంకో పేరా ఉందట. మొత్తం రద్దంటే అదీ పోతుంది. అందుకని 'పాక్షికంగా సవరిస్తూ' అని రాశాడు. ఆ పేరా ఉందన్న సంగతి మేనేజరుగారికి కూడా గుర్తులేదు.

తర్వాత 'రెండ్రోజులు' దగ్గర పెన్ను ఆగింది. "సోమవారం సెలవు కావాలి. ఎప్పటిలోగా అడగాలి?" ఆ అమ్మాయి శనివారం అంది. "మధ్యలో ఆదివారం ఆఫీసే లేదు. మంజూరు చేసేవాడికి మిగిలేది శనివారం ఒక్కరోజేగా?" అని, 'రెండు పూర్తి పని దినాలు మిగిలి ఉండగా' అని మార్చాడు. ఆ లెక్కన గురువారం సాయంత్రంలోగా కాగితం అందాలి, శుక్ర, శనివారాలు మిగలాలి. ఇక్కడ నేను నోరు విప్పాను. "ఉదాహరణ కూడా రాసెయ్ మావయ్యా, లేకపోతే ఎవరికీ ఎక్కదు" అన్నాను. సర్క్యులర్‌లో ఉదాహరణలేమిటని గొణిగాడు గానీ, రాశాడు.

'చెప్పండి' అంటే ఎవరికి చెప్పాలి? పక్క సీటువాడికి చెప్పినా చెప్పినట్టేనా? 'ఓకే' అంటే ఎవరి ఒళ్లు, తనదా, పిల్లవాడిదా? ఎన్నాళ్లు దాటితే డాక్టరు చీటీ తేవాలి? 'మనవాళ్లు'లో కాంట్రాక్టు సిబ్బంది వస్తారా? 'స్ట్రిక్ట్' అంటే ఏం చేస్తాం, జీతం కోస్తామా, కోపంగా చూస్తామా? ఇప్పటికే అడిగి ఉంచిన సెలవుల సంగతేమిటి? ఒక్కొక్క ప్రశ్నకీ ఆ అమ్మాయి లేచి మేనేజరుగారి గదికి పోయి వచ్చింది. మూడోసారికి ఆయనే బయటికొచ్చి, "ఇవన్నీ నేనింకా అనుకోలేదండీ" అన్నారు.

మావయ్య మీద నాకు గౌరవం కలిగేది ఇలాంటప్పుడే. భాషను పెద్దది చేస్తున్నాడని మేమనుకుంటాం. నిజానికి తేలని నిర్ణయాన్ని తేల్చమని అడుగుతున్నాడు. 'సుమా' అన్న చోట శిక్ష ఏమిటో రాయాల్సి వచ్చేసరికి, అసలు శిక్షంటూ ఏదీ లేదని బయటపడింది. ముందస్తు మంజూరు లేని సెలవును జీతం లేని సెలవుగా లెక్కించాలని ఆ వరండాలో నిలబడే నిర్ణయించారు.

గౌరవం అక్కడితో ఆగితే బాగుండేది. నిర్ణయాలన్నీ తేలాక ఆయన రాసుకొచ్చిన చిత్తు ప్రతి చూడాలి. 'పై విషయమై సూచికను పరిశీలించి, సిబ్బంది కొందరు ముందస్తు అనుమతి పొందకయే సెలవుపై వెళ్లుచున్నట్లు యాజమాన్యం దృష్టికి వచ్చియున్నందున...' అని మొదలై, ఆ వాక్యం పేజీ మధ్య దాకా వచ్చినా క్రియ రాలేదు. రిజర్వేషన్ లేని ప్రయాణికుడిలా 'కావున'లు పట్టుకుని వేలాడుతూ చదివాం. పైగా ఎవరు చేశారన్నది ఎక్కడా లేదు. అన్నీ వాటంతటవే 'గమనించడమైనది', 'నిర్ణయించడమైనది'. ఆర్డరుకి సంతకం చేసేవాళ్లకి ఈ 'అయినది' ఎంత హాయో ఆయనకి తెలుసు. రేపు గొడవైతే నిర్ణయించినవాడు దొరకడు.

ఆ అమ్మాయి కూడా తక్కువది కాదు. "సార్, అటెండర్ గారు చదివి తనకి సెలవుందో లేదో చెప్పగలగాలి కదా" అంది. పిలిచి చదివించారు. ఆయన ఓపిగ్గా చివరిదాకా చదివి, "ఎవరైనా పోయారా బాబూ?" అన్నాడు.

మావయ్య ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ పెన్ను కింద పెట్టలేదు. బయటికెళ్లిన సర్క్యులర్ ఇది: 'సూచికలోని సర్క్యులర్‌ను పాక్షికంగా సవరిస్తూ, వచ్చే నెల 1వ తేదీ నుంచి, సెలవు కోరే ఉద్యోగులు రెండు పూర్తి పని దినాలు మిగిలి ఉండగా తమ విభాగాధిపతికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి. ఉదాహరణకు సోమవారం సెలవుకు గురువారం సాయంత్రంలోగా. తమకు గానీ కుటుంబ సభ్యులకు గానీ అకస్మాత్తుగా అనారోగ్యం కలిగితే అదే రోజు ఉదయం ఫోన్‌లో తెలిపి, విధుల్లో చేరిన రోజున దరఖాస్తు ఇవ్వవచ్చు. మంజూరు లేని గైర్హాజరీని జీతం లేని సెలవుగా పరిగణిస్తాం. ఇది కాంట్రాక్టు సిబ్బందికీ వర్తిస్తుంది. ఇప్పటికే మంజూరైన సెలవులకు వర్తించదు.'

'పరిగణిస్తాం' దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. 'పరిగణించబడును' కావాలని ఆయన, కుదరదని ఆ అమ్మాయి. కింద సంతకం మేనేజరుగారిది కాబట్టి 'పరిగణిస్తాం' అంటే తప్పేమిటని నేనడిగాను. తప్పు లేదు గానీ బరువు లేదన్నాడు. ఆ బరువు కోసం చివర 'ఉల్లంఘనను తీవ్రంగా పరిగణించడం జరుగుతుంది' అని ఒక వాక్యం దొంగచాటుగా చేర్చాడు. జీతం కోస్తామని చెప్పాక ఇంకా తీవ్రమేమిటని అది కూడా కొట్టేయించాం.

సాయంత్రం ఆ అమ్మాయి సర్క్యులర్ ఫోటో ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద 'సెలవుల రూలు మారింది, ఒకసారి చూడండి ప్లీజ్' అని రాసి నవ్వు బొమ్మ తగిలించింది. అయిదు నిమిషాల్లో మావయ్య నా సీటు దగ్గరికొచ్చి, ఫోను ముందుకు చాపి, "ఒరే అబ్బాయ్, దీన్ని ఎడిట్ చేయడం ఎలారా?" అన్నాడు. అది పంపినవాళ్లకే సాధ్యమని చెప్పాను. కాసేపు ఆలోచించి, దాని కిందే తనే ఒక సందేశం కొట్టాడు: 'విషయం: పై సందేశం. సూచిక: అదే. చూడగలరు.'