నూటికి నూట పదిహేను హాజరు: మావయ్య సలహాలు

మా మేనల్లుడు రాజమండ్రి దగ్గర హైవే పక్కనున్న ఓ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్నాడు. డిసెంబరులో సెమిస్టరు మొదలైంది. సంక్రాంతికి కోనసీమ వచ్చినవాడు, పందెం బరుల షామియానాలు విప్పేసినా కదల్లేదు. ఆ వెనకే పెదనాన్న కూతురి పెళ్ళి, పదహారు రోజుల పండగ. ఫిబ్రవరి నెలాఖరున ఫోన్ చేశాడు. "మావయ్యా, 75 శాతం దాటాలంటే ఇకమీద 115 శాతం హాజరు కావాలని చూపిస్తోంది, ఏం చెయ్యను?"

మేనమామనన్నాక సలహా చెప్పకపోతే ఎలాగండీ? వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పిల్లలు ఇంటికొకరు ఉంటారు.

మొట్టమొదట, ఆ 115 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకండి. చూస్తే ఉత్సాహం పోతుంది. మావాడు చూశాడు. సెమిస్టరు 15 వారాలు, వారానికి 36 పీరియడ్లు, మొత్తం 540. అందులో 75 శాతం అంటే 405. పది వారాల్లో 360 పీరియడ్లు జరిగితే వీడు కూర్చున్నవి 198. అంటే ఇంకా 207 కావాలి. మిగిలినవేమో ఐదు వారాలు, 180 పీరియడ్లు. 207ని 180తో భాగిస్తే 115 శాతం. "జరగబోయే పీరియడ్లే 180 అయితే 207కి ఎలా వెళ్తాను మావయ్యా?" అన్నాడు. చూశారా, లెక్క వేస్తే కుర్రాళ్ళు ఇలాగే నీరసపడిపోతారు.

కాబట్టి 115ని పట్టుదలకి కొలతగా తీసుకోండి. వందంటే మామూలుగా కష్టపడటం, నూట పదిహేనంటే ఇంకో పదిహేను పాళ్ళు ఎక్కువ కష్టపడటం. పొద్దున్నే ఐదింటికి లేవండి, మొదటి బెంచీలో కూర్చోండి. మొదటి బెంచీలో కూర్చున్నా, చివరి బెంచీలో కునికినా రిజిస్టరులో పడేది ఒక్క పీరియడే అని మావాడు గొణిగాడు. వాడు ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తాడు.

లెక్క కావాలంటే నా లెక్క ఉంది. ఇప్పుడు 55 శాతం ఉంది. ఇకమీద 95 తెచ్చుకోండి. రెండూ కలిపి సగం చేస్తే 75. ఈ పద్ధతిలో మా పేటలో చాలామంది పిల్లలకి ధైర్యం చెప్పాను. మావాడు దీనికీ అడ్డు చెప్పాడు. గడిచిన భాగం, మిగిలిన భాగం సమానమైతేనే అలా సగం చెయ్యాలట. ఇక్కడ గడిచింది మూడింట రెండొంతులు, మిగిలింది ఒక వంతు. మిగిలిన వంతు ఎంత చిన్నదైతే దాని మీద బరువు అంత పెరుగుతుందట. ఐదో వారంలోనే లెక్క చూసుకున్నవాడికి 80, 85 దగ్గర తేలేది, పదో వారానికి నూరు దాటిపోతుందట. ముందే చూసుకోకపోవడం వల్ల ఇన్నేళ్ళూ నేను సుఖంగా ఉన్నాను.

అదనంగా క్లాసులు పెట్టించుకోవడం నా ఆలోచనలన్నిటిలోకీ గొప్పది. ఆదివారాలు కూడా వస్తామని ప్రిన్సిపాల్‌ని అడగండి. వచ్చిన చిక్కల్లా, అదనపు పీరియడు జరిగితే పైన ఒకటి పెరుగుతుంది, కింద మొత్తంలోనూ ఒకటి పెరుగుతుంది. ఇకమీద ఒక్కటీ మానకపోయినా మావాడు 540కి 378 దగ్గర ఆగుతాడు, అంటే 70 శాతం. అక్కణ్ణుంచి 75కి ఎక్కాలంటే ఇంకో 108 పీరియడ్లు జరగాలి, అన్నిటికీ వెళ్ళాలి. రోజుకి ఆరు చొప్పున పద్ధెనిమిది ఆదివారాలు. వీడి ఒక్కడి కోసం కాలేజీ జులై దాకా ఆదివారాలు తెరిచి ఉంచాలి. అడగడంలో తప్పేముందండీ?

ఇక చెయ్యకూడని పనులు. వాడి రూమ్మేటు, పాలకొల్లు కుర్రాడు, ఇవన్నీ చేశాడు. వాడికీ అప్పటికి సరిగ్గా 198 పీరియడ్లే. జనవరిలో టైఫాయిడ్ వచ్చి ఇంటికి వెళ్ళిపోయాడు.

115 అని కనబడగానే వాడు చేసిన మొదటి పని, హాజరు పట్టీని తేదీల వారీగా తీసి చూసుకోవడం. ఎన్నెస్సెస్ క్యాంపుకి, ఆటల పోటీలకి కాలేజీయే పంపిన రోజులు పడ్డాయా లేదా అని. అలా పడనివి 27 పీరియడ్లు దొరికి, కాలేజీ ఒప్పుకుంటే, కావలసింది 180కి 180 అవుతుంది, సరిగ్గా వంద. ఆ 115ని నిజాయితీగా తగ్గించే దారి అదొక్కటేనట. వాడికి దొరికినవి సున్నా. అంత పొడుగు పట్టీ చదివి ఏం బావుకున్నాడు?

రెండో తప్పు ఇంకా పెద్దది. 75 అయ్యేది కాదని ఒప్పేసుకున్నాడు! మగపుట్టుక పుట్టి లక్ష్యం దించుకుంటారా? దించుకుని, కాకినాడ జేఎన్టీయూ నిబంధనల పుస్తకం తెరిచాడు. రెండు గోదావరి జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎక్కువ దాని కిందే ఉన్నాయి. 75 లేకపోయినా, 65కి తగ్గకుండా ఉండి, సరైన కారణానికి ఆధారం చూపిస్తే, రుసుము కట్టించుకుని లోటు మాఫీ చేసే వీలుంది. దాన్నే కాండొనేషన్ అంటారు. అది హక్కు కాదు, ఇవ్వడం ఇవ్వకపోవడం కాలేజీ చేతిలో ఉంటుంది. 65 కన్నా తగ్గితే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు, పరీక్ష ఉండదు, ఆ సెమిస్టరు మళ్ళీ చదవాలి.

అందుకని వాడు 75 వదిలేసి 65కి లెక్క కట్టాడు. 540లో 65 శాతం 351. ఇంకా కావలసింది 153. 180కి 153 అంటే 85 శాతం. నూటికి లోపలే ఉంది. మానడానికి ఉన్న వెసులుబాటు 27 పీరియడ్లు, అంటే నాలుగున్నర రోజులు. ఆ సంఖ్య కాగితం మీద రాసి మంచం పక్కన గోడకి అంటించాడు. ఆసుపత్రి కాగితాలు ఆ వారమే ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాడు. నెలాఖరుదాకా ఆగితే పోయేదా?

నా చివరి సలహా, కంగారు పడకుండా ఓ వారం ఆగమని. మావాడు బుద్ధిమంతుడు, ఇదొక్కటీ విన్నాడు. అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకుని, అటునుంచి మా ఇంటికొచ్చి, ఆత్రేయపురం పూతరేకులు తింటూ ఆరు పనిదినాలూ కూర్చున్నాడు. 36 పీరియడ్లు. తిరిగి వెళ్ళేసరికి మిగిలినవి 144. 65 శాతానికి కావలసినవేమో అదే 153. నూటికి 106. రెండో తలుపు కూడా అలా మూసుకుంది. నాలుగున్నర రోజుల వెసులుబాటు ఉన్నవాడు ఆరు రోజులు మా ఇంట్లో ఉన్నాడు.

పాలకొల్లు కుర్రాడు తర్వాత జ్వరంతో రెండు రోజులే మానాడు. 366 పీరియడ్లతో 67 దాటాడు, రుసుము కట్టాడు, పరీక్షలు రాశాడు. మావాడు వచ్చే డిసెంబరులో జూనియర్లతో కలిసి అదే సెమిస్టరు మళ్ళీ మొదలుపెడతాడు. వాళ్ళమ్మ, అంటే మా చెల్లాయి, అప్పటినుంచీ నాతో మాట్లాడటం లేదు.