8 గంటల 21 నిమిషాలకు వందన సమర్పణ

తిరుపతిలో ఫిబ్రవరి వచ్చిందంటే బడుల్లో పాఠాలు ఆగి పాటలు మొదలవుతాయి. యాన్యువల్ డే రన్నింగ్ ఆర్డర్ నోటీసుబోర్డు మీదికి ఎక్కుతుంది. అందులో ప్రతి ఐటమ్‌కూ టైముంటుంది. చెమటకు అతుక్కుపోయిన చొక్కా విప్పే టైము మాత్రం ఉండదు.

ఒక బడి లెక్క ఇలా ఉందనుకుందాం. ఐటమ్‌లు 24, ఒక్కోటి 4 నిమిషాలు, అంటే 96. ప్రసంగాలు, సన్మానాలకు 45. ఆరింటికి మొదలైతే 8:21కి వందన సమర్పణ. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో! కానీ ఒక గుంపు దిగి ఇంకో గుంపు ఎక్కి వరసలో నిలబడటానికి ఎంత లేదన్నా నిమిషంన్నర పడుతుంది. 24 సార్లకు 36 నిమిషాలు. ముఖ్య అతిథి ఏడుంపావుకు వస్తే ముగింపు 10:12. ఆరుబయట మైదానంలో రాత్రి పదికి మైకు కట్టేయాలని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి.

అసలు కథ గ్రీన్‌రూమ్‌గా మారిన ఏడో తరగతి గదిలో నడుస్తుంది. ఐదో తరగతి పాపకు ఏడో ఐటమ్‌లో సినిమా పాట, పదో ఐటమ్‌లో అన్నమయ్య కీర్తన. నడుమ రెండు ఐటమ్‌లు, మూడు మార్పులు కలిపి పన్నెండున్నర నిమిషాలు. కూచిపూడి వేషానికి జడ, పూలు, వడ్డాణం, గజ్జెలు, గుప్పెడు పిన్నీసులు, ఇరవై నిమిషాలకు తక్కువ కాదు. ఫలితంగా అలమేలుమంగ జీన్సు ప్యాంటుతో ప్రత్యక్షమవుతుంది.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం కడతారు. అమ్మవారి భక్తులకే ఒక రోజు గడువుంటే ఐదో తరగతికి పన్నెండున్నర నిమిషాలు.

మందు తెలియనిదేం కాదు. కీర్తనను రెండో ఐటమ్ చేస్తే పాప ఇంటినుంచే ముస్తాబై వస్తుంది. విప్పడం కట్టడమంత కష్టం కాదు. రెండు ఐటమ్‌ల ముందే పిల్లలను పిలవాలి, నడుస్తున్న పాట చివరి చరణానికి స్టేజి పక్కన నిలబెట్టాలి. వరస కుదిరాక టీచరు చెయ్యెత్తితేనే సౌండు అబ్బాయి పాట నొక్కాలి. ఇప్పుడు జరిగేదేమంటే, యాంకరు పేరు చదవగానే అతను నొక్కేస్తాడు. పెన్‌డ్రైవ్‌లో song final.mp3, song final new.mp3 రెండూ ఉంటాయి. అతని వేలు పాతదాని మీదే పడుతుంది.

ఎల్కేజీ ఐటమ్ మొదట పెడితే వాళ్ల అమ్మానాన్నలు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు, కుర్చీలు ఖాళీ. అందుకని చివర పెడతారు. "మేడమ్, మా పాపది ఎప్పుడొస్తాది?" అని తండ్రి నాలుగోసారి అడిగేసరికి సీతాకోకచిలుకలు బెంచీల మీద నిద్రపోతుంటాయి.

డాన్సు టీచరు ఇవన్నీ రాసి, ఐటమ్‌లు 18కి తగ్గించి, గుంపుల మార్పులకు 27 నిమిషాలు కలిపి ఆఫీసులో ఇచ్చింది. మర్నాడు కాగితం తిరిగొచ్చింది. ఐటమ్‌లు తగ్గించడం బాగుందట. మిగిలిన టైములో ఇంకో ఇద్దరు అతిథులకు సన్మానం చేర్చారు.