గ్యాప్ గారు

గ్యాప్ గారిని మీరెరుగుదురు. బీటెక్ అయిందంటాడు, ఎప్పుడయిందో చెప్పడు. అమెరికాలో ఎం.ఎస్.కి అప్లై చేస్తున్నాడు. జీఆర్ఈకి భయపడడు గానీ, "ఈ రెండేళ్లూ ఏం చేశావు?" అంటే మాత్రం చెమటలు పడతాయి.

మొదటి జవాబు వేదాంతంలో రాసుకొచ్చాడు. ఆత్మాన్వేషణట! అన్వేషణ టీ కొట్టు దగ్గర ముగిసిందని మాత్రం రాయలేదు. రెండోది అమీర్‌పేట నుంచి తెచ్చాడు. జూన్ 2022 నుంచి బెంగళూరులో ఒక్క రోజైనా సెలవు పెట్టకుండా పనిచేసిన ఉద్యోగిగా ఎక్స్‌పీరియన్స్ లెటరు. మార్కుల మెమో మీద పరీక్ష రాసిన నెలా సంవత్సరమూ అచ్చవుతాయి కదా, అక్కడేమో సిగ్నల్స్ సప్లీ డిసెంబర్ 2022లో భీమవరంలో పాసయ్యాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే చదవడానికి కమిటీయే అక్కర్లేదు. గ్యాప్ ఉందని సీటు పోవాలని లేదు. దొంగ లెటరు దొరికితే మాత్రం చేరాక కూడా ఊడబెరుకుతారు.

"ఇంతకీ నిజంగా ఏం చేశావురా?"

"ఏముంది మాస్టారూ, మా మావయ్య రొయ్యల చెరువుల దగ్గర ఉన్నాను." దొంగతనం ఒప్పుకుంటున్నట్టు గొణిగాడు.

రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. కాపలావాడికి నిద్రపట్టిన రాత్రి అదే జరిగింది. అప్పుడితను పాత ఫోనూ, రిలే ముక్కా తగిలించి, కరెంటు పోగానే మావయ్యకు మెసేజ్ వెళ్లేలా చేశాడు. మొదట్లో కరెంటు ఒక్క క్షణం పోయొచ్చినా మెసేజే. మావయ్య అర్ధరాత్రి లేచి తిట్టేవాడు. దాంతో అర నిమిషం ఆగి చూసుకుని పంపేలా మార్చాడు. ఎలక్ట్రానిక్స్ చదివినవాడు దీన్ని దాచిపెట్టి ఆత్మను రాశాడు!

వ్యాసంలో చదువు సంగతి ఉంచి, గ్యాపును అదనపు సమాచారం అనే గడిలోకి మార్పించాను. అక్కడ ఇలా రాశాడు: "ఏప్రిల్ 2022లో ఒక సబ్జెక్టు తప్పాను. సరిగ్గా చదవలేదు. డిసెంబర్‌లో పాసయ్యాను. జనవరి 2023 నుంచి జూన్ 2024 దాకా మా కుటుంబపు రొయ్యల చెరువుల దగ్గర పనిచేశాను. అక్కడ కరెంటు పోతే హెచ్చరించే పరికరం తయారుచేశాను. జులై నుంచి ఈ దరఖాస్తుకు చదువుతున్నాను."

జాలి కోసం నానమ్మ జబ్బు కలపబోతే వద్దన్నాను. ఆవిడ ఇప్పటికీ పొద్దున్నే గుడికి నడిచి వెళ్తుంది.

అయినా మనవాడి చెయ్యి ఊరుకోదుగా. చివర "ఈ విరామంలో నన్ను నేను కనుగొన్నాను" అని తగిలించాడు. కొట్టేశాను.

"మరి చెరువులో ఏం కనుగొన్నానని రాయమంటారు మాస్టారూ?"

"రొయ్యల్నిరా!"