సుబేదారు గారి సంప్రదింపు

మిలిటరీ నుంచి రిటైరైన తండ్రి కొడుకును సలహా అడిగితే, అడిగేనాటికే సగం పని పూర్తయిపోయి ఉంటుంది. తాడేపల్లిగూడెం వైపు ఊళ్లలో ఈ రకం మనుషులకు కొదవ లేదు. మన సుబేదారు గారూ ఆ కోవే. ఫోన్ చేస్తే నిమిషంలో తేలే మాటకు ఆయన స్పీడ్ పోస్టులో ఉత్తరం రాశారు.

‘చిరంజీవికి ఆశీస్సులు. ఉభయకుశలోపరి’ అన్న దగ్గరే నాన్న అయిపోయాడు. ఆ తర్వాతదంతా పేరా 1, పేరా 2. విషయం: సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టుట. మొదటి కాంట్రాక్టు ఒక అపార్ట్‌మెంట్, రెండు గేట్లు, రోజుకు మూడు షిఫ్టులు, వెరసి ఆరుగురు గార్డులు. యూనిఫాం ఆలివ్ గ్రీన్. ‘నీ అభిప్రాయం పది రోజుల్లో తెలుపగలవు.’ చివర్లో చిన్న అక్షరాలతో: బోర్డు రాయడానికి ఇచ్చేశాను.

హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ముందు లెక్క సరిచేశాడు. రెండు గేట్లకు వారానికి 42 డ్యూటీలు. మనిషి ఆరు రోజులే చేస్తాడు కనుక ఏడుగురు కావాలి. ఆ ఏడో మనిషి లేకపోతే, సెలవు పెట్టినవాడి డ్యూటీ రాత్రంతా నిలబడ్డవాడి మీదే పడుతుంది. తెల్లారేసరికి గేటు దగ్గర కుర్చీలో గురక వినిపిస్తుంది.

‘బోర్డర్‌లో మాకెవరిచ్చార్రా ఆదివారాలు?’ అని తిరుగుటపాలో గర్జన.

డబ్బు సంగతి దగ్గర గర్జన కొంచెం తగ్గింది. తలకు 15,000 చొప్పున జీతాలే 1,05,000. యజమాని వాటా పీఎఫ్, ఈఎస్‌ఐ కలిపితే సుమారు 1,22,000. అపార్ట్‌మెంట్ వాళ్లు బిల్లు నెలన్నరకు గాని ఇవ్వరు, గార్డులు మాత్రం ఒకటో తారీఖున చెయ్యి చాస్తారు. అంటే రెండు నెలల జీతాలు, దాదాపు రెండున్నర లక్షలు, చేతిలో పెట్టుకునే దిగాలి. ఇలాంటి ఏజెన్సీలు మునిగేది దొంగల వల్ల కాదు, ఈ నెలన్నర వల్లే.

యూనిఫాం దగ్గర మాత్రం కొడుకు గట్టిగా నిలబడ్డాడు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఏజెన్సీ నడపకూడదు. గార్డులకు సైన్యం యూనిఫాంను పోలిన దుస్తులు తొడిగితే ఏడాది దాకా జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. ముప్పై ఏళ్లు ఆ రంగే కట్టిన మనిషికి ఇది చెప్పడం కష్టమే.

నవ్వుతున్నాం గానీ, సలహా అడిగేముందే అడ్వాన్సు ఇచ్చే జబ్బు ఈ వ్యాసం రాసినవాడికీ ఉంది.

ఆఖరి ఉత్తరం రెండే పేరాలు.

‘1. అభిప్రాయం అందినది. లైసెన్సుకు దరఖాస్తు పెట్టుచున్నాను. యూనిఫాం నీలం.

2. బోర్డు వచ్చినది. అమ్మ దానిని మంచం కింద పెట్టించినది.’