అర ఆంపియరు పరువు

ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. నిద్రలో లేపి అడిగినా ఓమ్ నియమం చెబుతాను. అడక్కపోయినా చెబుతానని మా ఆవిడ అంటుంది. అలాంటి నన్ను ఈ వేసవిలో బీరువా మీద కూర్చున్న ఒక తెల్ల పెట్టె పదకొండు రోజులు అల్లుడి ముందు తలెత్తుకోనివ్వలేదు.

మాది ఇంకొల్లు దగ్గర పల్లె. 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లాలో ఉన్నాం, ఆ తర్వాత బాపట్ల జిల్లాలోకి వచ్చాం. జిల్లా మారింది గానీ ఎండ మారలేదు. మే నెలలో అమ్మాయి, మనవడితో పాటు అల్లుడూ దిగాడు. బెంగళూరు ఉద్యోగం, పని మాత్రం ఇంటి నుంచే. "మావయ్యగారూ, నెట్ బాగుంటుందిగా?" అని ముందే ఫోన్ చేసి అడిగాడు. "ఫైబర్ బాబూ, వెలుగుతో సమానమైన వేగం" అన్నాను. గాజు తీగలో కాంతి వేగం మూడింట రెండు వంతులే ఉంటుందని క్లాసులో చెప్పిన నోరే ఇది.

మొదటి రోజు మధ్యాహ్నం రెండింటికి అల్లుడు ఎవరో దొరగారితో ఇంగ్లీషులో మాట్లాడుతూ మాట్లాడుతూ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తెర మీద ఆయన కూడా అలాగే ఉండిపోయాడు. హాల్లో మా ఆవిడ సీరియల్లో అత్తగారి చెయ్యి కోడలి చెంపకు జానెడు దూరంలో ఆగింది. వెనక గదిలోంచి మనవడి కేక. రౌటర్ మీద దీపాలన్నీ ఒక్కసారి ఆరి, ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. పక్కనే గోడకున్న ఫైబరు డబ్బా మాత్రం చెక్కుచెదరకుండా పచ్చగా వెలుగుతోంది. అంటే కేబుల్ వాళ్ల తప్పేం లేదు. కరెంటూ పోలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. రౌటర్ తనంతట తానే పోయి మళ్ళీ పుట్టింది. సాయంత్రం ఏడుకోసారి, రాత్రి తొమ్మిదిన్నరకోసారి అదే వరస.

"ఎండ" అని తేల్చేశాను. మా ఊళ్లో దేనికైనా ముందు చెప్పే కారణం అదే. పడమటి గోడ మధ్యాహ్నానికి అట్లపెనంలా కాలుతుంది. పెట్టె దించి చూస్తే గాలి పోయే సందుల్లో పత్తి నూగు దూదొత్తుల్లా పేరుకుని ఉంది. పాత టూత్‌బ్రష్‌తో గీకి, పెట్టెను చెంబు మీద బోర్లించి, కూలరు దాని వైపు తిప్పాను. మా రెండెకరాల మిరపకాయలు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో చల్లగా నిద్రపోతుంటే మనుషులం ఇక్కడ ఉడుకుతున్నాం, ఉన్న ఒక్క కూలరూ రౌటర్‌కే పెట్టావా అని అమ్మ అడిగింది. జవాబు చెప్పలేదు.

రెండు రోజులు పెట్టె పోలేదు. నేను మీసం దువ్వుకున్నాను. ఆ రెండు రోజులూ ఇంటిల్లిపాదీ పర్చూరులో పెళ్లికి వెళ్లారని, ఇంట్లో నేనూ అమ్మా తప్ప ఎవరూ లేరని, మా ఇద్దరి వాడకం నా వాట్సాప్ శుభోదయాలేనని అప్పుడు తట్టలేదు. పెళ్లివారు తిరిగొచ్చిన రాత్రే, కూలరు గాలి తగులుతుండగానే, ఎనిమిదింటికి రౌటర్ మళ్ళీ పోయింది. అప్పటికి ఎండ లేదు, పెట్టె గోరువెచ్చగా కూడా లేదు.

అమ్మకు ఎనభై ఆరేళ్లు. ఆవిడ రోగ నిర్ధారణ ఆవిడదే. ఉప్పు, ఎండు మిరపకాయలు పిడికిట పట్టి రౌటర్ చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. కోరు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే తగిలినట్టు. మావి తేజ కాయలు. వీధి చివరి ఇంటివాళ్లు కూడా దగ్గారు.

అప్పుడు అల్లుడు మెల్లగా, నా మనసు నొప్పించకుండా, "మెమరీ నిండిపోతోందేమో మావయ్యగారూ" అన్నాడు. రౌటర్‌లోనూ చిన్న కంప్యూటరు ఉంటుంది. ఇంట్లో ప్రతి ఫోనూ తెరిచే ప్రతి సంబంధాన్నీ అది ఒక పట్టీలో రాసుకోవాలి. దాని సాఫ్ట్‌వేర్‌లో లోపముంటే పనైపోయినవి కొట్టెయ్యకుండా దాచుకుంటూ పోతుంది. చోటు అయిపోయాక ఊపిరాడక తనను తాను మళ్ళీ మొదలుపెట్టుకుంటుంది. అదే అయితే పట్టుకోవడం తేలిక. పెట్టె లోపలి పేజీలో ఖాళీ మెమరీ గంటగంటకూ తరుగుతూ రావాలి, పోయే ముందు నెట్ నీరసపడాలి.

బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి, పాస్‌వర్డు గుర్తురాక పెట్టె అడుగున చీటీ చూడాల్సి వచ్చింది. భూతద్దం పెట్టి పాస్‌వర్డు ఒక్కటే చదివాను. దాని పై వరసలో ఉన్నదాన్ని చదవలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

లోపల పెట్టె రాసుకున్న డైరీ ఉంది. తెరిస్తే ప్రతిసారీ కథ 1970 జనవరి 1, ఉదయం 5:30 నుంచే మొదలు. పాత చరిత్ర ఒక్క ముక్క లేదు. రౌటర్‌లో గడియారానికి బ్యాటరీ ఉండదు. లేవగానే దానికి తెలిసిన తేదీ అదొక్కటే, కంప్యూటర్ల లెక్కలో కాలం గ్రీనిచ్ అర్ధరాత్రి ఆ రోజు మొదలైంది, మనకది ఐదున్నర. డైరీ కూడా తాత్కాలిక మెమరీలోనే రాసుకుంటుంది కాబట్టి, పోయినప్పుడు ఎందుకు పోయిందో చెప్పకుండానే పోతుంది.

అందుకని మనవడి నోటుబుక్కు లాక్కుని గంటగంటకూ ఎంతసేపు నిలబడిందీ, ఖాళీ మెమరీ ఎంతున్నదీ రాశాను. నాలుగు రోజులు రాశాను. మెమరీ రాయిలా ఉంది. 50 ఎంబీకి అటూ ఇటూ రెండు మూడు, అంతే. పోవడానికి పది నిమిషాల ముందు రాసిన అంకె కూడా అదే. అల్లుడి అనుమానం తేలిపోయిందని లోపల కొంచెం సంతోషించానని ఒప్పుకుంటున్నాను.

నిజానికి జవాబు ఆ నోటుబుక్కులోనే ఉంది. రాత్రి పదకొండు నుంచి తెల్లవారి ఆరు దాకా పెట్టె ఒక్కసారీ పోలేదు. పోయినవన్నీ అల్లుడి మీటింగు, సీరియలు, మనవడి ఆట కలిసినప్పుడే. ఎండ తప్పైతే మధ్యాహ్నాలే పోవాలి. మెమరీ తప్పైతే అంకె తరగాలి. భారం పడినప్పుడు మాత్రమే పోతోందంటే భారం మోసేవాడిలో లోపం. పరీక్షలో ఈ పట్టిక ఇచ్చి కారణం రాయమంటే మా కుర్రాళ్లు రెండు మార్కులు కొట్టేసేవాళ్లు.

నాకు అడాప్టరు తట్టలేదని కాదు, తట్టింది. మల్టీమీటరు తీసి, అడాప్టరు పిన్ను రౌటర్ నుంచి పీకి, కొనలు ఆనించాను. 12.1 వోల్టులు. "పవర్ పర్‌ఫెక్ట్" అని ప్రకటించాను. పీకి కొలిచాను! బ్యాటరీకి ఏమీ తగిలించకుండా కొలిస్తే కనపడేది విద్యుచ్ఛాలక బలం మాత్రమేననీ, దాని సత్తా తెలియాలంటే ప్రవాహం లాగుతుండగా కొలవాలనీ, V = E − ir అనీ ముప్పై బ్యాచ్‌లకు సుద్దముక్క అరిగేలా చెప్పింది ఎవరు? బండికి ఎద్దును కట్టకుండా దాని బలం మెచ్చుకున్నట్టు ఉంది నా కొలత.

పదకొండో రోజు కేబుల్ కుర్రాడొచ్చాడు. నా పాత విద్యార్థే, ఫిజిక్స్‌లో నేనే ఒకసారి తప్పించాను. కూలరు కేసి, చెంబు కేసి చూసి ఏమీ అనలేదు. బీరువా వెనక్కి చెయ్యి పెట్టి అడాప్టరు లాగి, "అబ్బో" అని చెయ్యి విదిలించాడు. పెట్టె చల్లగానే ఉంది, నల్ల దిమ్మ కాలిపోతోంది. కూలరు ఇన్నాళ్లూ ఊదింది పెట్టె మీద. దిమ్మ పడమటి గోడకీ బీరువాకీ మధ్య గాలాడకుండా ఇరుక్కుని ఉంది.

"మాస్టారూ, దీని మీద 0.5 ఆంపియర్లని ఉంది. పెట్టె అడుగున 1.5 అని ఉంది. ఇది దీని అడాప్టరు కాదండీ."

పాస్‌వర్డు పై వరస అదే.

హాలంతా నిశ్శబ్దం. నాకు సంక్రాంతి గుర్తొచ్చింది. బూజులు దులిపినప్పుడు బీరువాను ఆ గోడకు జరిపించాను. అసలు అడాప్టరు తీగ జానెడు పొట్టిదై ప్లగ్గుకు అందలేదు. అటక మీది డబ్బాలోంచి, ఎప్పుడో మూలపడ్డ పాత మోడెం తాలూకు అడాప్టరు తీశాను. 12 వోల్టులని ఉంది, పిన్ను సరిపోయింది, తీగ పొడుగు. ఇంకేం కావాలి అనుకున్నాను. శీతాకాలం నేనూ మా ఆవిడా ఇద్దరమే వాడినన్నాళ్లూ అది మోసింది కూడా.

లెక్క చిన్నదే. పన్నెండును అరతో గుణిస్తే 6 వాట్లు. ఖాళీగా ఉన్న రౌటర్ ఐదు దాకా తాగుతుంది. పది ఫోన్లు, టీవీ ఒక్కసారి లాగితే ఎనిమిది దాటుతుంది. పూర్వపు ట్రాన్స్‌ఫార్మరు అడాప్టర్లయితే వోల్టేజీ మెల్లగా దిగేది, మీటరుకూ దొరికేది. ఇప్పటివి చివరి దాకా పన్నెండు దగ్గరే బిగబట్టి, హద్దు దాటగానే తమను కాపాడుకోవడానికి క్షణంపాటు చేతులెత్తేసి మళ్ళీ మొదలవుతాయి. ఆ క్షణాన్ని నా మీటరు చూడలేదు, రౌటర్‌కు మాత్రం అది మరణం. వేడెక్కిన దిమ్మ ఇంకా ముందే చేతులెత్తేస్తుంది. ఆ మేరకు ఎండ గురించి నేను చెప్పింది తప్పు కాదని కుర్రాడితో అనబోయి, మా ఆవిడ ముఖం చూసి ఆగాను.

మీటరు అక్కర్లేకుండా కుర్రాడు చేసిన పరీక్ష ఇదీ. సంచిలోంచి 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టరు తీసి తగిలించి, ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి నడపమన్నాడు. "రెండు ఆంపియర్లా! మాడిపోదూ?" అంది మా ఆవిడ. "మాడదండీ, పెట్టె దానికి కావలసినంతే లాక్కుంటుంది. వోల్టులు ఒకటే ఉండాలి, పిన్నులో ప్లస్సు మైనస్సు కలవాలి, ఆంపియర్లు సమానమో ఎక్కువో ఉంటే చాలు" అన్నాడు. నా వైపు తిరిగి, "మీరు చెప్పిందే మాస్టారూ" అన్నాడు. తప్పించినందుకు ఆ ఒక్క వాక్యంతో వడ్డీతో సహా తీర్చుకున్నాడు.

రాత్రి పదకొండు దాకా అన్నీ నడిచాయి, పెట్టె కదల్లేదు. మర్నాడు అటక మీంచి అసలు అడాప్టరు దింపాను. తీగ పొట్టిది కాబట్టి బీరువానే ప్లగ్గు దగ్గరికి జరిపాం. అల్లుడు, కేబుల్ కుర్రాడు, నేను, ముగ్గురం పట్టాం. ఇప్పుడు రౌటర్ నిలబడి నలభై ఒక్క రోజులైంది. పడగ్గది తలుపు మాత్రం బీరువాకు తగిలి సగమే తెరుచుకుంటోంది.